సగటు రైతు కనిపించని డెక్

ఒక సేవను లేదా ఒక యాప్‌ను వాడేవారి అలవాట్లను, అవసరాలను, అవస్థలను వారి మధ్యకే వెళ్ళి తెలుసుకునే పనిని యూజర్ రీసెర్చ్ అంటారు. ఆ పరిశోధనలో తేలినవాటిని స్లైడ్ల వరుసగా పేర్చిన నివేదికకు డెక్ అని పేరు. నలభై యాభై స్లైడ్ల డెక్‌ను నిర్ణయాలు తీసుకునే అధికారి గానీ, యాప్ రాసే ఇంజనీరు గానీ సాధారణంగా చివరిదాకా చదవరు కనుక, దాన్ని రెండు మూడు పేజీలకు కుదించే బాధ్యత ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ కుదింపులో వాడే రెండు ప్రధాన సాధనాలు పర్సోనా, పెయిన్ పాయింట్. ఒకే తీరున నడుచుకునే పలువురు వాడుకదారుల నుంచి కూర్చిన నమూనా వ్యక్తి పర్సోనా కాగా, ఆ వ్యక్తి తన పనిని పూర్తి చేసుకోలేక ఆగిపోయే చోటు పెయిన్ పాయింట్. ఈ పని చూడటానికి సంక్షిప్తీకరణలా ఉన్నప్పటికీ నిజానికి వర్గీకరణ, అందులో జరిగే తప్పులన్నీ వర్గీకరణలో జరిగే తప్పులే.

ఈ ప్రక్రియను పరిశీలించడానికి కృష్ణా మెట్ట ప్రాంతం అనువైన చోటు. విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారి మీది కంచికచర్ల, దానికి పడమరగా నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. పత్తి, మిర్చి, సుబాబుల్ పండే ఈ నేలలో కౌలు సేద్యం విస్తారంగా ఉంది. 2025–26 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు ‘కపాస్ కిసాన్’ అనే మొబైల్ యాప్‌లో ఆధార్‌తోనూ భూమి, పంట వివరాలతోనూ నమోదు చేసుకొని, అమ్మే రోజుకు ముందుగా స్లాట్ తీసుకునే పద్ధతిని ప్రవేశపెట్టింది. రాష్ట్రంలో పంట వివరాలకు ఆధారం ఈ-క్రాప్ నమోదు. గ్రామ వ్యవసాయ సహాయకుడు చేలో నిలబడి ఫోటో తీసి, పంటను నమోదు చేసిన తరువాత రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ, అంటే గుర్తింపు నిర్ధారణ, జరుగుతుంది. ఇలాంటి వ్యవస్థను వాడే రైతులతో మాట్లాడి ఒక డెక్ తయారుచేస్తే ఎలా ఉంటుందో చూపడానికి ఈ అధ్యాయంలో ఒక నమూనా డెక్‌ను కూర్చడమైనది. అందులోని పదహారు మంది, వారి మాటలు, స్లైడ్ల సంఖ్యలు కల్పితాలు. నిబంధనలు, ధరలు, వ్యవసాయ పరిస్థితులు మాత్రం వాస్తవాలు.

నమూనా డెక్‌లో నలభై స్లైడ్లు ఉన్నాయి. పరిశోధకులు ఆరుగురు సొంత భూమి గల రైతులతో (రై-1 నుంచి రై-6), ఐదుగురు కౌలు రైతులతో (కౌ-1 నుంచి కౌ-5), భూమి ఇక్కడ ఉండి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో నివసించే ఇద్దరు పట్టాదారులతో (ప-1, ప-2), రైతు సేవా కేంద్రాల్లోని ముగ్గురు సహాయకులతో (స-1 నుంచి స-3) మాట్లాడారు. డెక్‌లో అందరి కళ్ళూ పడేది తొమ్మిదో స్లైడ్ మీద, ఎందుకంటే దాని శీర్షిక ‘16 మందిలో 10 మందికి ఓటీపీ సమస్య’ అని పెద్ద అక్షరాలలో ఉంది. తొందరలో ఉన్న సంక్షేపకుడు ఈ శీర్షికను యథాతథంగా ఎత్తి, ‘స్మార్ట్‌ఫోన్ వాడకం అంతగా తెలియని, నలభై అయిదేళ్ళ, నాలుగెకరాల రైతు’ అనే ఒక పర్సోనాను సృష్టించి, అతని మొదటి ఇబ్బందిగా ఓటీపీని రాసి పని ముగించే ప్రమాదం ఉంది.

అలాంటి సగటు మనిషితో వచ్చే చిక్కు కొత్తదేమీ కాదు. 1950 ప్రాంతంలో అమెరికా వైమానిక దళం పైలట్ల శరీర కొలతలకు తగినట్టు విమానంలో కూర్చునే చోటును దిద్దాలనుకున్నప్పుడు, గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు 4,063 మంది పైలట్ల కొలతలలో పదింటిని తీసుకొని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఎందరో లెక్కించగా ఒక్కరూ తేలలేదు. నాలుగు వేల పైచిలుకు మందిలోనే దొరకని సగటు మనిషి పదహారు మందిలో దొరుకుతాడని ఆశించడానికి ఆధారం లేదు. పర్సోనా అనే సాధనాన్ని 1999లో తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన అలన్ కూపర్ కూడా దాన్ని సగటుగా భావించలేదు. ‘యూజర్’ అనే మాటను ఎవరికి తోచినట్టు వారు సాగదీసుకోకుండా అడ్డుకోవడానికే ఆయన ఒక నిర్దిష్ట వ్యక్తిని ముందుంచమన్నాడు.

కాబట్టి కుదింపులో మొదటి పని శీర్షికలను పక్కన పెట్టి, స్లైడ్లను విడి చీటీలుగా విడగొట్టడం. ఒక్కో చీటీ మీద ఒక్క విషయమే రాసి, దాని పక్కన స్లైడ్ సంఖ్యను, చెప్పిన వ్యక్తి గుర్తును వేయాలి. చీటీలను దగ్గరి పోలికలను బట్టి గుంపులు చేసి, గుంపు ఏర్పడిన తరువాతే దానికి పేరు పెట్టే ఈ పద్ధతిని, నేపాల్ కొండ గ్రామాలలో క్షేత్ర పరిశోధన చేసిన జపాన్ శాస్త్రవేత్త కవకితా జిరో తన సమాచార రాశిని సర్దుకోవడానికి రూపొందించాడు. ఆయన పేరులోని తొలి అక్షరాలతో దాన్ని కేజే పద్ధతి అంటారు. చీటీలు రాసేటప్పుడు పాటించవలసిన విచక్షణ ఒకటుంది. పరిశోధకుడు కళ్ళతో చూసినది, రైతు నోటితో చెప్పినది, పరిశోధకుడు ఊహించినది, పరిష్కారంగా సూచించినది — ఈ నాలుగూ డెక్‌లో ఒకే స్లైడ్ మీద కలిసిపోయి ఉంటాయి. ‘యాప్‌లో తెలుగు వాయిస్ బటన్ లేదు’ అనే వాక్యం ఇబ్బందిలా వినిపించినా అది ముందే నిర్ణయించుకున్న పరిష్కారానికి తిరగేసిన రూపం. దాని వెనుక చూసిన సంఘటన ఏదో వెతికి, అదేమీ లేకపోతే ఆ చీటీని పక్కన పెట్టాలి.

తొమ్మిదో స్లైడ్‌ను ఇలా విడగొడితే పది మంది కథ మారిపోతుంది. ఆ పది మందిలో ముగ్గురు సహాయకులు, వారు చెప్పినది తమ ఇబ్బంది కాదు, తమ దగ్గరకు వచ్చే రైతుల ఇబ్బంది. అంటే ఒకే సంగతి రైతు నోట ఒకసారి, సహాయకుడి నోట మరొకసారి లెక్కకు ఎక్కింది. మిగిలిన ఏడుగురిలో రై-1, రై-3, రై-6, కౌ-2 అనే నలుగురికి ఆధార్‌కు ముడిపడిన నంబరు చేతిలో లేదు. ఒకరి పాత సిమ్ పనిచేయడం మానేసింది, మరొకరి నంబరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు దగ్గర ఉంది. ‘ఫోన్ నాదేనండీ, నంబరే మా అబ్బాయిది’ అని రై-3 చెప్పిన మాట స్లైడ్ మూలన చిన్న అక్షరాలలో ఉంది. మరో ముగ్గురి, అంటే రై-5, కౌ-1, కౌ-4ల సంగతి పూర్తిగా వేరు: వారి చేతిలో ఫోన్ ఉంది, సిమ్ పనిచేస్తోంది, కానీ పంట భూయజమాని పేరున నమోదైనందున ఓటీపీ యజమాని ఫోన్‌కు పోతోంది. మొదటి నలుగురికి నంబరు మార్చుకునే వీలు చూపితే చాలు, తరువాతి ముగ్గురికి మాత్రం యాప్‌లో ఏమి మార్చినా ప్రయోజనం లేదు. ఒకే పేరు కింద ఉన్న రెండు వేర్వేరు జబ్బులను డెక్ శీర్షిక ఒకటిగా చూపింది.

రెండో పని ఆ వ్యక్తులను ఏ గీతల మీద నిలబెట్టాలో తేల్చుకోవడం. వయసు, చదువు, ఎకరాలు, కులం వంటి జనాభా వివరాలు డెక్ మొదటి స్లైడ్లలోనే పట్టికగా సిద్ధంగా ఉంటాయి కనుక చాలామంది వాటితోనే గుంపులు కడతారు. కూపర్ పద్ధతి మాత్రం ప్రవర్తనను, పరిస్థితిని తెలిపే అంశాలను గీతలుగా గీసి, ప్రతి వ్యక్తినీ ప్రతి గీత మీదా ఒక చోట ఉంచి, పలు గీతల మీద కలిసికట్టుగా ఒకేచోట కనిపించే వారిని ఒక గుంపుగా గుర్తించమంటుంది. ఈ డెక్‌కు మూడు గీతలు పనికివస్తాయి: పంట ఎవరి పేరున నమోదైంది, ఫోన్ ఎవరి చేతిలో ఉంది, పత్తిని ఎక్కడ అమ్మాలో ఎవరు నిర్ణయిస్తారు.

ఈ గీతల మీద మనుషులను నిలబెట్టినప్పుడు రెండు సంగతులు బయటపడతాయి. మొదటిది, ఫోన్ గీత ఎవరినీ విడదీయదు. సొంత రైతుల్లోనూ కౌలు రైతుల్లోనూ ఫోన్ చేతిలో ఉన్నవారూ లేనివారూ కలగలిసి ఉన్నారు. ‘స్మార్ట్‌ఫోన్ తెలిసిన రైతు, తెలియని రైతు’ అనే జంట పర్సోనాలు డెక్‌లలో తరచుగా కనిపించినా ఇక్కడి ఆధారాలు వాటిని నిలబెట్టవు. రెండోది, నమోదు గీత, అమ్మకం గీత జతగా కదులుతున్నాయి. పంట తన పేరున లేని రైతు విత్తనానికి, పురుగు మందులకు, తీత కూలికి పెట్టుబడి ఇచ్చిన ఊరి వ్యాపారికే పత్తి తూస్తున్నాడు, పంట తన పేరున ఉన్న రైతు స్లాట్ కోసం ఎదురు చూడగలుగుతున్నాడు. రెండు గీతలు ఇలా జతగా కదిలే చోటే పర్సోనా పుడుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. సొంత రైతులుగా డెక్ లెక్కించిన ఆరుగురిలో రై-2, రై-5 తమ రెండెకరాలతో పాటు మరి నాలుగైదు ఎకరాలు కౌలుకు చేస్తున్నారు, పత్తి పండేది ఎక్కువగా ఆ కౌలు చేలలోనే. పరిశోధకుడి పట్టికలో వారు పట్టాదారులు, గీతల మీద మాత్రం వారి చోటు కౌలుదారుల పక్కనే. కృష్ణా మెట్టలో ఇలాంటి మిశ్రమ సేద్యం సాధారణం కనుక, పర్సోనాను మనిషికి అంటించే ముద్రగా కాక, ఒక నిర్దిష్ట లావాదేవీలో ఆ మనిషి నిలబడిన స్థానంగా భావించడం సరైనది. ఈ సవరణతో లెక్క ఇలా తేలుతుంది: తన పేరున నమోదైన చేను చేసే రైతులు నలుగురు, ఇతరుల పేరున నమోదైన చేను చేసే రైతులు ఏడుగురు, సహాయకులు ముగ్గురు. మిగిలిన ఇద్దరు పట్టాదారులు యాప్‌ను పెద్దగా వాడరు, పైగా ఇద్దరి మాటలతో నమూనా వ్యక్తిని నిర్మించడం సాహసం. అయితే అలాంటి యజమానుల సమ్మతి మీద ఏడుగురి పని ఆధారపడి ఉంది కనుక వారిని ప్రభావం చూపే పక్షంగా ఒక పేరాలో నమోదు చేస్తే సరిపోతుంది.

పర్సోనాకు పేరు, ఫోటో పెట్టే అలవాటు పాశ్చాత్య సంస్థల నుంచి వచ్చింది. తెలుగునాట ఇంటిపేరు వినగానే కులాన్ని, ఊరిని, ఆస్తిని ఊహించే స్వభావం బలంగా ఉన్నందున, పేరు పెట్టడం వల్ల పర్సోనాకు ప్రాణం రావడం అటుంచి, చదివేవారి ముందస్తు అభిప్రాయాలు వచ్చి చేరతాయి. ‘తన పేరున చేను ఉన్న రైతు’, ‘ఇతరుల పేరున చేను చేసే రైతు’ వంటి వర్ణనాత్మక నామాలు పొడిగా ఉన్నా నమ్మకమైనవి.

ఇక పెయిన్ పాయింట్లకు వస్తే, వాటిని ఎంతమంది చెప్పారన్న సంఖ్యతో వరుస పెట్టడం అత్యంత సులభమైన పద్ధతి, అత్యంత తప్పుడు పద్ధతి కూడా. నమూనా డెక్‌లో ‘యాప్‌లో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి’ అని తొమ్మిది మంది అన్నారు, ‘డబ్బు యజమాని ఖాతాలో పడింది’ అని నలుగురే అన్నారు. చిన్న అక్షరాలను కేంద్రంలోని సహాయకుడో ఇంట్లో చదువుకున్న పిల్లలో చదివి పెడతారు, దానివల్ల ఎవరి పత్తీ ఆగలేదు. డబ్బు పరాయి ఖాతాలో పడిన రైతుకు మాత్రం దాన్ని రాబట్టుకునే దారి యజమాని మంచితనం ఒక్కటే. అందుచేత ప్రతి ఇబ్బందినీ మూడు ప్రశ్నలతో తూచాలి: జరిగితే నష్టమెంత, తప్పించుకునే దారి ఉందా, జరిగిన తరువాత సరిదిద్దుకోవచ్చా. ఎంతమంది చెప్పారన్నది నాలుగో స్థానంలో, అదీ ఆ పర్సోనా లోపలి లెక్కగానే, చూడాలి. పదహారు మందితో జరిపిన సంభాషణలను శాతాలుగా మార్చి ‘63 శాతం రైతులు’ అని రాయడం మరీ పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ పదహారు మందిని ఎంచుకున్నది వైవిధ్యం కోసం, జిల్లాకు ప్రతినిధులుగా కాదు.

తన పేరున చేను ఉన్న రైతు విషయంలో ఈ తూకం ఓటీపీని రెండో స్థానానికి దించుతుంది. మొదటి స్థానానికి వచ్చేది స్లాట్ తేదీకి, పత్తి తీతకు మధ్య పొందిక లేకపోవడం. సీసీఐ నిబంధన ప్రకారం పత్తిలో తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి మద్దతు ధర దక్కుతుంది, ఆపై 12 శాతం దాకా ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం చొప్పున కోత పడుతుంది, 12 దాటితే కొనరు. 2025–26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు కనుక, 12 శాతం తేమతో వెళ్ళిన రైతుకు క్వింటాలుకు 7,785 రూపాయల 60 పైసలు వస్తాయి. ఇరవై క్వింటాళ్ళ మీద తేడా 6,488 రూపాయలు. తీసిన పత్తిని స్లాట్ దొరికేదాకా వరండాలోనో పట్టా కిందనో ఉంచవలసి వచ్చినప్పుడు మంచు, ముసురు తేమను పెంచుతాయి, ఆరబెట్టడానికి చోటు లేని రైతు 12 గీతను దాటిపోతాడు. డెక్‌లో ఈ సమాచారం ఒక్క స్లైడ్‌లో లేదు. స్లాట్ ఆలస్యం పదమూడో స్లైడ్‌లో, తేమ కారణంగా వెనక్కి పంపిన ట్రాక్టరు సంగతి ఇరవై ఆరో స్లైడ్‌లో, తీత కూలీలకు అదే రోజు సాయంత్రం డబ్బు ఇవ్వవలసిన ఒత్తిడి ముప్పై ఒకటో స్లైడ్‌లో ఉన్నాయి. చీటీలు ఒకచోట చేరినప్పుడే ఇవి మూడూ ఒకే గొలుసులోని లంకెలని తెలుస్తుంది. సంక్షేపంలో దాన్ని ఇలా రాయవచ్చు: ‘తీత అయిన పత్తి స్లాట్ కోసం ఆగే రోజుల్లో తేమ పెరిగి, ధర కోతకో తిరస్కరణకో గురవుతుంది, అమ్మకం జరిగేలోగానే తీత కూలి చెల్లించాలి.’ పరిస్థితి, అడ్డంకి, పర్యవసానం మూడూ ఉన్నాయి కనుక ఇది ఇబ్బంది. ‘స్లాట్ విధానం బాగోలేదు’ అన్నది అభిప్రాయం మాత్రమే.

ఇతరుల పేరున చేను చేసే రైతు ఇబ్బంది యాప్ తెరవడానికి చాలా ముందే మొదలవుతుంది. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల కాలానికి సాగుదారు హక్కు పత్రం ఇస్తారు, దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయం, పెట్టుబడి సాయం, నష్టపరిహారం తమకే రావాలన్న ఆశ యజమానులను వెనక్కి లాగుతున్నాయని డెక్‌లో ప-1 మాటల్లోనే ఉంది. పత్రం లేనప్పుడు ఈ-క్రాప్ యజమాని పేరున సాగుతుంది, ఈ-క్రాప్ యజమాని పేరున ఉంటే అమ్మకపు నమోదు, ఓటీపీ, చివరకు ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా కూడా యజమానివే అవుతాయి. ఈ గొలుసులో ఏ చోటనైనా యజమాని సహకరించకపోతే రైతుకు మిగిలే దారి అప్పిచ్చిన వ్యాపారి కాటా. కనుక ఈ పర్సోనా కింద మొదటి ఇబ్బంది పంట మీద తన పేరు లేకపోవడం, రెండోది పెట్టుబడి అప్పు వల్ల ఎదురు చూసే వెసులుబాటు లేకపోవడం. యాప్ తయారీదారుకు ఈ రెండూ తన పరిధిలోవి కాకపోవచ్చు, అయినా వాటిని కిందికి నెట్టి చిన్న అక్షరాలను పైకి తేవడం సంక్షేపకుడు చేయకూడని పని.

సహాయకుడి విషయం తక్కువ మాటల్లో తేలుతుంది. ఈ-క్రాప్ గడువు దగ్గరపడిన రోజుల్లో చేలకు తిరగడం, వేలిముద్రలు వేయించడం ఒకేసారి మీద పడటం అతని మొదటి ఇబ్బంది. తన చేతిలో లేని భూమి వివరాల తేడాలకు రైతుల ముందు తానే జవాబుదారీ కావలసి రావడం రెండోది.

పర్సోనాలు సరిగా కుదిరాయో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఒక పర్సోనా కింది ఇబ్బందులను మరొక పర్సోనా కిందికి మార్చి చదవాలి. చదివినప్పుడు అవి అక్కడా సహజంగానే అనిపిస్తే ఆ రెండు పర్సోనాలూ నిజానికి ఒకటే, లేదా ఇబ్బందులు మరీ సాధారణంగా రాయబడ్డాయి. పై జాబితాలో తేమ గొలుసును కౌలు రైతుకు మార్చితే అది సగమే అతుకుతుంది, ఎందుకంటే అతనికి స్లాటే దక్కదు. పంట మీద పేరు లేకపోవడాన్ని సొంత రైతుకు మార్చితే అసలు అతకదు. రెండో పరీక్ష వెనక్కి నడిచే దారి: సంక్షేపంలోని ప్రతి వాక్యం నుంచి చీటీకి, చీటీ నుంచి స్లైడుకి, స్లైడు నుంచి మాట్లాడిన మనిషికి చేరుకోగలగాలి. చేరుకోలేని వాక్యం ఎంత అందంగా ఉన్నా రాసినవారి సొంత కవిత్వమే.

ఏ పరీక్షా పట్టలేని లోపం డెక్‌లోకి రానివారిది. నమూనా డెక్‌లోని రైతులను రైతు సేవా కేంద్రాల దగ్గరే కలుసుకున్నారు కనుక కేంద్రానికి రావడమే మానుకున్న రైతు అందులో లేడు. పదకొండు మంది రైతులలో మహిళ ఒక్కరే ఉన్నారు, ఆమె పేరున పాసుపుస్తకం ఉన్నా స్లాట్ తీసుకున్నది మరిది. ఒక్కరి మాట మీద ‘మహిళా రైతు’ అనే పర్సోనా కట్టడం ఎంత తప్పో, ఆమెను నలుగురు సొంత రైతులలో కలిపి మరిచిపోవడం అంతే తప్పు. సంక్షేపం చివర ‘ఇమడనివారు’ అనే శీర్షిక కింద ఆమె సంగతిని, పత్తి లెక్కలోకి రాని, ప-2 ప్రస్తావించిన సుబాబుల్ తోటల సంగతిని విడిగా రాసి, తరువాతి విడత సంభాషణలు ఎవరితో జరగాలో సూచించడం సరైన మార్గం.

మూడు పేజీల సంక్షేపం మీద తేదీ, సీజన్ తప్పనిసరిగా ఉండాలి. మద్దతు ధర ఏటా మారుతుంది, నమోదు నిబంధనలు సీజన్ మధ్యలోనూ మారవచ్చు, సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే ముగుస్తుంది కనుక ఈ ఏడాది పత్రం ఉండి మొదటి పర్సోనాలో నిలిచిన కౌలు రైతు వచ్చే ఖరీఫ్‌లో యజమాని సంతకం పెట్టకపోతే తిరిగి రెండో పర్సోనాలోకే వస్తాడు.